సేల్స్ యాప్ కొన్న మేనేజర్ మానేసినాడు, జూన్ 30న రెన్యువల్ - అడ్మిన్ ఎవరో తెలీదు, ఆపేదెట్ల?

కర్నూలు_పద్దులు · జూన్ 4, ఉదయం 10:42

అందరికీ నమస్తే. నేను కర్నూల్లో ఒక సీడ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్ల కింద మా మార్కెటింగ్ మేనేజర్ ఫీల్డ్ స్టాఫ్ కోసమని ఒక సేల్స్ యాప్ తీసుకున్నాడు. పిల్లోళ్లు ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల వైపు డీలర్ల దగ్గరికి పోయినప్పుడు అందులో విజిట్ ఎక్కిస్తారు, ఆర్డర్ రాస్తారు. ఆయన ఫిబ్రవరిలో మానేసి బెంగళూరు పోయినాడు.

నిన్న accounts@ మెయిల్‌కు ఒక నోటీసు వచ్చింది. జూన్ 30న ఏడాదికి రెన్యువల్ అంట. 20 మంది యూజర్లు, మనిషికి నెలకు 400, ఏడాదికి 96,000, జీఎస్టీ 17,280, మొత్తం 1,13,280. నిజానికి వాడేది ఎనిమిది మందే. మిగతావాళ్లలో సగం మంది ఉద్యోగంలోనే లేరు.

నా లాగిన్‌తో పోతే Billing పేజీనే కనపడదు. "మీ అడ్మిన్‌ను సంప్రదించండి" అంటాంది. ఆ అడ్మిన్ ఆయనేనేమో అని ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. Forgot password కొట్టినాను, ఆయన పాత ఆఫీస్ మెయిల్‌కు లింక్ పంపినాం అని చూపిస్తాంది, ఆ మెయిల్ ఎవరికీ రావడం లేదు. మా సార్ ఏమో "ఆపేయమ్మా, అంతే" అంటాడు. యాడ మొదలుపెట్టాలో చెప్పండి.

---

బురుజు_నీడ · జూన్ 4, 11:05

దీనికి ఇంత ఆలోచన ఎందుకు మేడమ్. బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. డబ్బు కట్ కాకపోతే వాళ్లే మూసేస్తారు. మేం ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఇట్లే వదిలించుకున్నాం.

---

కడప_కౌంటర్ · జూన్ 4, 11:31

మాకూ ఇదే బాధ సార్. మా పాత అకౌంటెంట్ టాలీని తన మెయిల్ ఐడీతో రిజిస్టర్ చేసి పోయినాడు. ఇప్పుడు టాలీ అప్‌డేట్ల సబ్‌స్క్రిప్షన్ టీఎస్ఎస్ గడువు అయిపోతాంది. డబ్బు దానంతట అదే కట్ అవుతాదా? ఆపాలంటే ఏం చేయాల?

---

గడియారస్తంభం_సిస్టమ్స్ · జూన్ 4, మధ్యాహ్నం 12:20

అనంతపురంలో చిన్న కంపెనీలకు మెయిల్, లైసెన్సులు చూస్తుంటాను. ఏటా ఇట్లాంటివి చేతికి వస్తానే ఉంటాయి.

కడప అన్నా, మీది వేరే కథ. టీఎస్ఎస్ మీరు కడితేనే రెన్యూ అవుతుంది, దానంతట అది కట్ కాదు. గడువు అయిపోయినా సొంత లైసెన్సుతో పద్దులు రాసుకోవచ్చు, కొత్త అప్‌డేట్లు రావు. మీకు కావాల్సింది లైసెన్స్ అకౌంటు మెయిల్ ఐడీ మార్పించుకోవడం. సీరియల్ నంబరు, కొన్నప్పటి బిల్లు పట్టుకొని అమ్మిన పార్ట్‌నర్ దగ్గరికి పొండి. వేరే పోస్ట్ పెట్టండి, ఇక్కడ రెండూ కలిస్తే మేడమ్‌కు గందరగోళం.

కార్డు బ్లాక్ సంగతి. అది సగమే నిజం. కార్డు ఆపితే డబ్బు పోవడం ఆగుతుంది, ఒప్పందం ఆగదు. నెలవారీ ప్లాన్ అయితే కట్టకపోతే మూసేసి ఊరుకుంటారు. ఇది ఏడాది ఒప్పందం. జూన్ 30 దాటి రెన్యూ అయితే బిల్లు పుడుతుంది, మీ జీఎస్టీ నంబరు మీదే పుడుతుంది. తర్వాత బాకీ అంటూ మెయిళ్లు వస్తాయి. పైగా పేమెంట్ ఫెయిల్ అయితే యాప్ లాక్ చేస్తారు, ఖరీఫ్ మధ్యలో మీ డీలర్ల లెక్కలన్నీ లోపలే ఉండిపోతాయి.

మేడమ్, మూడు ప్రశ్నలు. మీ ఆఫీస్ మెయిల్ దేంట్లో ఉంది? ఆయన మెయిల్‌ను డిలీట్ చేసినారా, సస్పెండ్ చేసినారా? పాత బిల్లు ఒక్కటైనా ఉందా?

---

కర్నూలు_పద్దులు · జూన్ 4, 1:15

మెయిల్ గూగుల్‌దే అనుకుంటా, జీమెయిల్ మాదిరే కనపడుతుంది. ఆయన పోయినప్పుడు సార్ చెప్తే, మా వెబ్‌సైట్ చూసే అబ్బాయి ఆయన మెయిల్ "క్లోజ్" చేసినాడు. డిలీటో సస్పెండో అడగాలి. బిల్లులు నా దగ్గర లేవు సార్, అన్నీ ఆయనకే వచ్చేవి. సార్ కార్డు స్టేట్‌మెంట్ చూసి ఖర్చు రాసుకున్నాం.

---

ఆర్టికల్_అవస్థలు · జూన్ 4, 1:40

అక్కా, బిల్లులు పోలేదు. అమ్మినోళ్లు ఇండియా కంపెనీ అయి, కొనేటప్పుడు మీ జీఎస్టీ నంబరు ఇచ్చి ఉంటే ఆ బిల్లు జీఎస్టీ పోర్టల్‌లో నెలనెలా వచ్చే మీ కొనుగోళ్ల స్టేట్‌మెంటు జీఎస్టీఆర్-2బీలో ఉంటుంది. గత జూన్, జూలై నెలలవి తెరిచి 18 శాతం పన్ను ఉన్న లైన్లు చూడండి. సప్లయర్ పేరు, బిల్లు నంబరు, తేదీ, విలువ అన్నీ దొరుకుతాయి. మా సీఏ సార్ దగ్గర క్లయింట్లకు తెలీకుండా నడుస్తున్న సాఫ్ట్‌వేర్లు ఇట్లే బయటపడ్డాయి.

విదేశీ కంపెనీ అయితే 2బీలో రాదు. అప్పుడు కార్డు స్టేట్‌మెంటే దిక్కు. దానికి రివర్స్ చార్జి కింద మీరే పన్ను కట్టాల్సి ఉంటుంది, అది ఇంకో తలనొప్పి.

---

గడియారస్తంభం_సిస్టమ్స్ · జూన్ 4, 2:10

ఆర్టికల్ తమ్ముడు మంచి మాట చెప్పినాడు. బిల్లు నంబరు దొరికితే సపోర్ట్ వాళ్లతో మాట్లాడేటప్పుడు సగం పని అయినట్టే. వాళ్లకు మీ పేరు తెలీదు, ఆ నంబరే తెలుసు.

మెయిల్ గూగుల్‌దా కాదా అని ఊహించొద్దు. ఏ కంప్యూటర్‌లోనైనా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, కింద example.com బదులు మీ డొమైన్ పేరు పెట్టి కొట్టండి.

```
nslookup -type=mx example.com
```

జవాబులో `aspmx.l.google.com` లేదా `smtp.google.com` వస్తే గూగుల్. చివర `mail.protection.outlook.com` ఉంటే మైక్రోసాఫ్ట్. `mx.zoho.in` అయితే జోహో.

గూగులే అయితే నా అనుమానం చెప్తా. ఆ అబ్బాయి "క్లోజ్" చేసినానంటే సస్పెండ్ చేసి ఉంటాడు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో సస్పెండ్ అయిన మెయిల్‌కు కొత్త ఉత్తరాలు చేరవు, పంపినోళ్లకు వెనక్కి పోతాయి. అందుకే మీ రీసెట్ లింక్ రావడం లేదు. ఫిబ్రవరి నుంచి ఆ యాప్ వాళ్లు పంపిన నోటీసులు కూడా అట్లే వెనక్కి పోయి ఉంటాయి. మీకు నిన్న వచ్చింది accounts@ కూడా బిల్లింగ్ కాంటాక్టుగా రాసి ఉండబట్టి. ఆ మేనేజర్ ఈ ఒక్క పని బాగా చేసినాడు.

సస్పెండ్ అయి ఉంటే అదృష్టం, అడ్మిన్ కన్సోల్‌లో యూజర్స్‌కు పోయి మళ్లీ యాక్టివేట్ చేయించండి. డిలీట్ చేసి ఉంటే గూగుల్‌లో వెనక్కి తెచ్చుకోవడానికి 20 రోజులే గడువు, అది ఎప్పుడో దాటిపోయింది. అప్పుడు కూడా దారి ఉంది, అదే అడ్రసును మీ మెయిల్‌కు అలియాస్‌గా పెడితే ఇకమీద వచ్చే ఉత్తరాలు మీకు చేరతాయి. పాతవి మాత్రం పోయినట్టే.

---

ఆదోని_మిల్లు · జూన్ 4, 3:02

మెయిల్ అడ్మినే పోయినోళ్ల గతి ఏంది అప్పా? మా జిన్నింగ్ మిల్లులో మెయిల్ పెట్టిన కుర్రోడే సూపర్ అడ్మిను. వాడు పోయినాడు. గూగుల్ రికవరీలో పోతే డొమైన్ మీదే అని నిరూపించడానికి డీఎన్ఎస్‌లో ఒక రికార్డు పెట్టమంటాంది. ఆ డొమైన్ లాగిన్ కూడా వాడి సొంత జీమెయిల్ మీద ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసినట్టు అయింది మా బతుకు.

---

గడియారస్తంభం_సిస్టమ్స్ · జూన్ 4, 3:30

మిల్లు సామీ, మీది మేడమ్‌దానికన్నా కష్టం. మీరు మెయిల్ వదిలేసి ముందు డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ దగ్గర మొదలుపెట్టాల. డొమైన్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయ్యిందో అదే కీలకం. మిల్లు పేరు ఉంటే కంపెనీ కాగితాలు చూపించి అడగొచ్చు. కుర్రోడి సొంత పేరు ఉంటే అతన్ని బతిమాలుకోవడం తప్ప నాకు వేరే దారి తెలీదు. డొమైన్ గడువు ఎప్పుడు అయిపోతుందో ఈ రోజే చూసుకోండి, దాన్ని మాత్రం జారిపోనీయొద్దు.

---

కర్నూలు_పద్దులు · జూన్ 5, ఉదయం 11:18

గూగులే సార్. వెబ్‌సైట్ అబ్బాయిని అడిగితే సస్పెండే చేసినా అన్నాడు. మీరు చెప్పినట్టు అడ్మిన్ కన్సోల్‌లో యూజర్స్‌కు పోయి మళ్లీ యాక్టివేట్ చేయించినాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టించి నేనే లోపలికి పోయినా. ఫిబ్రవరి తర్వాతి మెయిల్ ఒక్కటీ లేదు. అంతకుముందువి ఉండాయి. మొదట కొన్నప్పటి ఆర్డర్ ఫారం దొరికింది! 2బీలో కూడా పోయినేడు జూలై ఒకటో తేదీ బిల్లు కనపడింది.

యాప్‌లో Forgot password కొడితే ఈసారి లింక్ వచ్చింది, పాస్‌వర్డ్ మార్చినా. ఆ తర్వాత ఆరు అంకెల కోడ్ అడుగుతాంది. ఫోన్‌లో అథెంటికేటర్ యాప్‌లో చూడమంటాంది. అది ఆయన ఫోన్‌లో కదా ఉండేది. ఇంకేం చేసేది?

---

బురుజు_నీడ · జూన్ 5, 11:40

వెబ్‌సైట్ అబ్బాయి చేతనే ఆ రెండో స్టెప్ తీసేయించండి. అడ్మిన్ కదా, ఒక్క నొక్కుడు పని.

---

గడియారస్తంభం_సిస్టమ్స్ · జూన్ 5, 12:05

అతను తీసేయగలిగేది గూగుల్ మెయిల్‌కు ఉన్న రెండో స్టెప్‌ను. ఈ కోడ్ అడిగేది సేల్స్ యాప్. ఆ తాళం గూగుల్ చేతిలో లేదు. యాప్‌లోకి "గూగుల్‌తో సైన్ ఇన్" పెట్టుకొని ఉంటే ఆయన గూగుల్ అకౌంటుతోనే లోపలికి పోయి ఉండేవాళ్లు, అది మీ కేసు కాదు.

ఆ మెయిల్ డ్రైవ్‌లో రికవరీ కోడ్స్ అని ఏదైనా ఫైలు ఉందేమో వెతకండి. అథెంటికేటర్ పెట్టుకునేటప్పుడు చాలామంది ఆ కోడ్లు డౌన్‌లోడ్ చేసి మర్చిపోతారు. అది ఆఫీస్ అకౌంటు, వెతకడంలో తప్పు లేదు. ఆయన సొంత జీమెయిల్ పాస్‌వర్డ్ కనపడినా దాని జోలికి మాత్రం పోవద్దు. ఇంకొకరి పాస్‌వర్డ్ వాడడం ఐటీ చట్టం 66సీ దాకా పోయే వ్యవహారం.

దొరక్కపోతే రెండు దారులు. ఒకటి ఆయన సాయం. రెండోది యాప్ సపోర్ట్‌కు రాయడం. రాసేటప్పుడు కంపెనీ లెటర్‌హెడ్ మీద మీ సార్ సంతకంతో, ఫలానా ఉద్యోగి మానేసినాడు, అడ్మిన్ హక్కు ఫలానా మెయిల్‌కు మార్చండి అని ఉండాల. దానికి జీఎస్టీ సర్టిఫికెట్, పోయిన బిల్లు, కట్టిన కార్డు చివరి నాలుగు అంకెలు జత చేయండి. కొందరు డొమైన్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టమంటారు. అదే ఉత్తరంలో ఇంకో వాక్యం తప్పకుండా రాయండి: "ఈ ఒప్పందాన్ని జూన్ 30 తర్వాత రెన్యూ చేయడం మాకు ఇష్టం లేదు, ఈ ఉత్తరాన్నే నోటీసుగా తీసుకోండి." అడ్మిన్ హక్కు రావడానికి రెండు వారాలు పట్టినా నోటీసు తేదీ మాత్రం ఈ రోజే పడుతుంది.

ఆ ఆర్డర్ ఫారంలో రెన్యువల్ నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలని ఉంది?

---

కర్నూలు_పద్దులు · జూన్ 5, 12:50

చదివినా. 30 రోజుల ముందు రాతపూర్వకంగా అని ఉంది. అంటే మే 31కే అయిపోయింది కదా. కాళ్లల్లో వణుకు వస్తాంది. ఉత్తరం ఇప్పుడే టైప్ చేస్తాండా, సార్ మార్కెట్ యార్డు నుంచి రాగానే సంతకం పెట్టిస్తా. డ్రైవ్‌లో కోడ్ల ఫైలు లేదు.

---

వలసపోయినోడు · జూన్ 5, రాత్రి 9:25

నేను ఆ పక్క మనిషిని, అందుకే చెప్తున్నా. ధర్మవరంలో ఒక కంపెనీ మానేసి బెంగళూరు వచ్చినాను. పాత ఓనరు అప్పుడప్పుడూ ఫోన్ చేసి "ఆ ఓటీపీ చెప్పు" అంటాడు. నా ఆఖరు నెల జీతం, రిలీవింగ్ లెటర్ మాత్రం గుర్తుండవు ఆయనకు. ఎత్తాలనిపిస్తుందా మీరే చెప్పండి.

మేడమ్, ఆయనకేమైనా బాకీ ఉన్నారా? ముందు అది కనుక్కోండి. ఉంటే అది తీర్చి మీరే ఒక మెసేజ్ పెట్టండి, సార్ చేత కాదు. పాస్‌వర్డ్ అడగొద్దు. ఫలానా టైముకు ఫోన్ చేస్తాం, ఒక్క కోడ్ చదివితే చాలు, ఆ తర్వాత మీ పేరు అందులోంచి తీసేస్తాం అని రాయండి. నిజానికి తన పేరు అడ్మిన్‌గా ఉండిపోవడం ఆయనకూ మంచిది కాదు, రేపు ఏదన్నా డేటా బయటికి పోతే అడిగేది ఆయన్నే.

---

ఆదోని_మిల్లు · జూన్ 5, 9:48

జీతం ఆపుకునే హక్కు ఓనర్లకు లేకపోయినా, ఉద్యోగం మానేటప్పుడు ఇవన్నీ అప్పజెప్పే బాధ్యత ఉద్యోగికి లేదా తమ్ముడూ? అన్నీ ఓనరు మీదే తోస్తే ఎట్ల.

---

వలసపోయినోడు · జూన్ 5, 10:02

ఉంది సార్. ఎవరికి అప్పజెప్పాలో చెప్పే మనిషిని చూపించినారా అని అడుగుతున్నా.

---

కర్నూలు_పద్దులు · జూన్ 9, సాయంత్రం 5:35

లోపలికి పోయినాం! వలసపోయినోడు తమ్ముడు చెప్పిందే నిజం. ఆయనకు రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు మావాళ్లు. సార్‌తో సంతకం పెట్టించి మెయిల్‌లో పంపి మెసేజ్ పెట్టినా, పొద్దుగూకే లోపల ఆయనే ఫోన్ చేసినాడు. కోడ్ చదివేలోపల మారిపోతాది, మొదటిసారి తప్పింది, రెండోసారి పడింది.

గడియారస్తంభం సార్ ఫోన్లో చెప్పినట్టు ముందు accounts@ను రెండో అడ్మిన్‌గా పెట్టినా, దాంతో ఒకసారి లోపలికి పోయి చూసుకున్నా, ఆ తర్వాతే ఆయన పేరు తీసినా. కొత్త అథెంటికేటర్ నా ఫోన్‌లో, సార్ ఫోన్‌లో రెండింట్లో పెట్టినాం. రికవరీ కోడ్లు ప్రింట్ తీసి బీరువాలో పెట్టినా.

Billing పేజీలో ఒక వింత బయటపడింది. అసలు ప్లాన్ కాక ఎస్ఎంఎస్ ప్యాక్ అని విడిగా నెలనెలా 2,000, జీఎస్టీతో 2,360 పోతాంది. ఆ ఎస్ఎంఎస్‌లు ఎవరూ వాడడం లేదు. పెద్ద మొత్తానికి సార్‌కు ఓటీపీ వచ్చేది, ఆయన మేనేజర్‌కు చెప్పేసేవాడంట. మరి ఈ చిన్నది ఓటీపీ లేకుండా ఎట్ల పోతాంది?

---

గడియారస్తంభం_సిస్టమ్స్ · జూన్ 9, 6:10

రిజర్వ్ బ్యాంకు ఈ-మాండేట్ పద్ధతి అంతే. మొదటిసారి ఒప్పుకున్న తర్వాత 15,000 లోపు మొత్తాలు ఓటీపీ లేకుండానే పోతాయి. అంతకు మించితే ప్రతిసారీ ఓటీపీ కావాల. కట్ చేసే 24 గంటల ముందు మాత్రం బ్యాంకు చెప్పి తీరాల. సార్ ఫోన్‌లో వెతకండి, నెలనెలా ఆ ఎస్ఎంఎస్ వచ్చే ఉంటుంది, ఆయన చూసి ఉండడు.

ఆ ప్యాక్‌ను ముందు యాప్‌లో క్యాన్సిల్ చేయండి. తర్వాత సార్ కార్డు ఇచ్చిన బ్యాంకు సైటులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ల పేజీకి పోయి ఆ మాండేట్ రద్దు చేయండి. బురుజు అన్న కార్డు బ్లాక్ చేయమన్నాడే, దానికి బదులు ఇది. ఒక్క కంపెనీకే ఆగుతుంది, సార్ కార్డు మిగతా పనులకు నడుస్తుంది.

అసలు ప్లాన్ దగ్గర రెండు బటన్లు ఉండొచ్చు, చూసి నొక్కండి. ఆటో రెన్యూ ఆపేది వేరు, అకౌంట్ డిలీట్ చేసేది వేరు. డిలీట్ నొక్కితే కొన్ని యాప్‌లలో అప్పటికప్పుడే అంతా పోతుంది, జూన్ 30 దాకా కట్టిన డబ్బు కూడా దండగ. డీలర్ల జాబితా, విజిట్లు, ఆర్డర్లు మూడూ ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైలు తెరిచి వరుసలు నిండుగా ఉన్నాయో లేదో చూసుకున్న తర్వాతే ఆటో రెన్యూ ఆపండి. ఆపిన స్క్రీన్ ఫోటో, వాళ్లు పంపే కన్ఫర్మేషన్ మెయిల్ రెండూ దాచండి. మెయిల్ రాకపోతే ఆగలేదనే అనుకోవాల.

---

బురుజు_నీడ · జూన్ 9, 6:32

సరే, ఒప్పుకుంటా. మాది నెలవారీ ప్లాన్, అందుకే పని అయింది.

---

కర్నూలు_పద్దులు · జూన్ 12, మధ్యాహ్నం 3:20

ఎస్ఎంఎస్ ప్యాక్ పోయింది, మాండేట్ రద్దయింది. ఆటో రెన్యూ ఆఫ్ చేసినా, మెయిల్ కూడా వచ్చింది. ఎక్స్‌పోర్ట్‌లో విజిట్ల ఫోటోలు రాలేదు, లింకులే వచ్చినాయి. ఫోటోలు పిల్లోళ్ల చేత విడిగా దింపిస్తాండా.

అంతలోనే వాళ్ల సేల్స్ మనిషి ఫోన్. 30 రోజుల గడువు దాటింది మేడమ్, ఆఫ్ చేసినా ఈ ఏడాది బిల్లు వస్తుంది అంటాడు. నోటీసులు ముందే పంపినాం అంటాడు.

---

ఆర్టికల్_అవస్థలు · జూన్ 12, 3:55

అవి సస్పెండ్ అయిన మెయిల్‌కు పోయి వెనక్కి వచ్చినాయి కదక్కా. చేరని నోటీసు నోటీసు ఎట్ల అవుతుంది?

---

గడియారస్తంభం_సిస్టమ్స్ · జూన్ 12, 4:30

అంత సులువు కాదు తమ్ముడూ. అడ్మిన్ మెయిల్‌కు పంపితే చాలు అని చాలా ఒప్పందాల్లో రాసుకుంటారు. మెయిల్ మూసింది మనమే. ఆర్డర్ ఫారంలో ఆ మాట ఉందో లేదో మేడమ్ చూడాల. లేకపోతే మన వాదనకు కొంచెం బలం.

నేనైతే పోట్లాడను. 20 మందికి బదులు ఎనిమిది మందికి రెన్యూ చేస్తాం, లేకుంటే లేదు అని రాతలో అడుగుతా. ఎనిమిది మందికి జీఎస్టీతో 45,312 అవుతుంది. ఏడాది మధ్యలో సీట్లు తగ్గించనీయరు, రెన్యువల్ దగ్గరే తగ్గించనిస్తారు, కాబట్టి జూన్ 30 లోపలే తేల్చుకోవాల. ఏదైనా ఫోన్లో ఒప్పుకోవద్దు, మెయిల్‌లోనే. ముఖ్యంగా అది తేలేవరకు ఎవరు అడిగినా ఓటీపీ చెప్పొద్దని మీ సార్‌కు గట్టిగా చెప్పండి.

---

కర్నూలు_పద్దులు · జూన్ 12, 5:05

ఆర్డర్ ఫారంలో నోటీసు యాడికి పంపాలో రాయలేదు. వెబ్‌సైట్‌లోని షరతులు వర్తిస్తాయి అని ఒక్క లైను ఉంది, ఆ షరతులు అప్పుడేమున్నాయో ఇప్పుడేమున్నాయో. ఎనిమిది మంది లెక్కతో మెయిల్ పెట్టేసినా. సోమవారం వాళ్ల మేనేజర్ మాట్లాడతాడంట. సార్‌కు ఓటీపీ సంగతి చెప్తే, "నువ్వే ఆ ఫోన్ పెట్టుకో తల్లీ" అన్నాడు.

---

ఆదోని_మిల్లు · జూన్ 12, 7:40

మాది కూడా రాస్తా. డొమైన్ మిల్లు పేరు మీదే ఉందంట, రిజిస్ట్రార్ వాళ్లు పాన్ కార్డు, లెటర్‌హెడ్ అడిగినారు, పంపినాం. గడువు ఆగస్టులో ఉంది. ఇంకా జవాబు లేదు. మేడమ్, సోమవారం ఏమన్నారో ఇక్కడే రాయండి.